మేనేజర్‌ని ‘రిలీజ్’ అడిగే ముందు

మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో ‘ఫలానావాడు రిలీజ్ అడిగాడట’ అంటే ఉద్యోగం మానేస్తున్నాడని కాదు. అదే కంపెనీలో ఇంకో ప్రాజెక్టుకో, ఇంకో టీమ్‌కో పంపించమని అడిగాడని. రాజీనామా ఇవ్వడానికి జంకని వాళ్లు కూడా ఈ మాట చెప్పడానికి జంకుతారు. కారణం ఉంది. రాజీనామా ఇచ్చినవాడు నోటీసు పీరియడ్ అవగానే వెళ్లిపోతాడు. రిలీజ్ అడిగినవాడు అది వచ్చేదాకా అదే మేనేజర్ ఎదురుగా కూర్చోవాలి. రాకపోతే ఏడాది చివర రేటింగ్ కూడా ఆయనే వేస్తాడు.

అందుకని చాలామంది పొగడ్తతో మొదలుపెడతారు. ‘టీమ్ చాలా బాగుంది, మీ సపోర్ట్ మరచిపోలేను, కానీ...’ అంటారు. పాతికేళ్లుగా ఇలాంటి మాటలు వింటున్న మేనేజర్ ‘కానీ’ దగ్గరే చెవులు రిక్కిస్తాడు. అంత బాగుంటే ఎందుకు వెళ్తున్నట్టు అని అనుమానపడతాడు కూడా. నా ఉద్దేశంలో అసంతృప్తి వినిపించేదీ, వినిపించనిదీ చెప్పే కారణంలోనే. పొగడ్త దాన్ని దాచలేదు.

ముందు మేనేజర్ వైపు నుంచి చూద్దాం. సర్వీసెస్ కంపెనీలో ఒక మనిషి క్లయింట్‌కు బిల్ అవుతుంటే, ఆ మనిషి పేరు మీద ప్రతి నెలా డబ్బు వస్తుంది. ఆ మనిషి వెళ్తే బదులు ఇంకొకరిని తెచ్చుకోవాలి. క్లయింట్ బ్యాంకో, ఆస్పత్రో అయితే వచ్చినవాళ్లకు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ జరగాలి, సిస్టమ్‌లోకి యాక్సెస్ రావాలి, పాతవాళ్ల దగ్గర పని నేర్చుకోవాలి. ఆ నేర్చుకునే కాలానికి సాధారణంగా క్లయింట్ డబ్బివ్వడు. ఈలోగా అర్ధరాత్రి ఏదైనా ఆగిపోతే ఫోన్ మేనేజర్‌కే వస్తుంది. మీరు రిలీజ్ అనగానే ఆయన మనసులో తిరిగేది ఇదంతా. మీ మనసులో ఏముందన్నది ఆ తర్వాత.

ఇక కారణం సంగతి. ఆఫీసుల్లో ఎక్కువగా వినిపించేవి మూడు. ‘ఇక్కడ గ్రోత్ లేదు’, ‘చేసిందే చేసి బోర్ కొడుతోంది’, ‘షిఫ్టులతో ఆరోగ్యం పాడవుతోంది’. మొదటి రెండూ నేరుగా ఆయన టీమ్ మీద ఫిర్యాదులు. మూడోది ఫిర్యాదు కాదు గానీ దానికి ఇంకో చిక్కుంది. బాధ్యత తెలిసిన మేనేజర్ మీరు చెప్పిన ఇబ్బందిని తీర్చడానికి చూస్తాడు. షిఫ్ట్ అంటే వచ్చే నెల నుంచి పగటి షిఫ్ట్ వేస్తానంటాడు. జీతం అంటే ఏప్రిల్ అప్రైజల్‌లో చూస్తానంటాడు. అప్పుడు మీ చేతిలో కారణం మిగలదు. అయినా వెళ్తానంటే ముందు చెప్పింది సాకని తేలిపోతుంది. నిజంగా పగటి షిఫ్టే చాలనుకుంటే టీమ్ మార్చమని అడగనే వద్దు, షిఫ్టే అడగండి. టీమ్ మారడమే కావాలంటే, ఇక్కడ ఉండి ఎవరూ తీర్చలేని, అక్కడికి వెళ్తేనే తీరే కారణం చెప్పాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. గుంటూరు నుంచి వచ్చిన ఒకమ్మాయి మూడేళ్లుగా ఒక బ్యాంకు క్లయింట్‌కు ప్రొడక్షన్ సపోర్ట్ చేస్తోంది అనుకోండి. రాత్రి నడిచే బ్యాచ్ జాబ్స్‌లో ఏదైనా ఫెయిలైతే లాగ్ చూసి, కారణం పట్టుకుని, సరిచేసి మళ్లీ నడిపించడం ఆమె పని. పనిలో పనిగా ఎస్‌క్యూఎల్ చేతికి బాగా వచ్చింది. కొన్ని రోజువారీ తనిఖీలకు పైథాన్ స్క్రిప్టులు రాసింది. ఇప్పుడు అదే కంపెనీలో డేటా ఇంజనీరింగ్ టీమ్‌లో ఖాళీ పడింది. ఆమె మనసులో నిజంగా ఉన్న మాటలు రెండు. ఒకటి, టికెట్లు మూసీ మూసీ విసుగొచ్చింది. రెండు, ఈ జాబ్స్‌ని మొదటే సరిగ్గా కడితే ఇన్ని ఫెయిల్ కావని అర్థమైంది, అవి కట్టే పని తాను చేయాలనుంది. రెండూ అబద్ధాలు కావు. మేనేజర్‌కు చెప్పాల్సింది రెండోది. అందులో ఇప్పటి పని మీద చిన్నచూపు లేదు, ఈ పని చేయబట్టే ఆ కోరిక పుట్టింది. పైగా ఆ పని సపోర్ట్ టీమ్‌లో ఉండదు కాబట్టి మేనేజర్ ఇక్కడే ఇప్పించడానికీ వీలుండదు.

ఎవరికి ముందు చెప్పాలన్నది రెండో ప్రశ్న. పెద్ద కంపెనీల్లో లోపలి ఖాళీలను ఐజేపీ పేరుతో పోర్టల్‌లో పెడతారు. అప్లై చేయాలంటే ఇప్పటి ప్రాజెక్టులో ఇన్ని నెలలు నిండాలి, రేటింగ్ ఇంతకు తగ్గకూడదు అనే షరతులుంటాయి. కొన్నిచోట్ల అప్లై చేయగానే మేనేజర్‌కు మెయిల్ వెళ్తుంది, కొన్నిచోట్ల సెలెక్ట్ అయ్యాకే వెళ్తుంది. హెచ్‌ఆర్ పాలసీలో ఈ ఒక్క సంగతి ముందు చదవాలి. అప్లై చేయగానే మెయిల్ వెళ్లే కంపెనీ అయితే ఆ బటన్ నొక్కే ముందే ఆయనకు చెప్పాలి. సిస్టమ్ పంపిన మెయిల్ చూసి తెలుసుకున్న మేనేజర్‌కు మీరు ఎంత మంచి కారణం చెప్పినా ఎక్కదు. అటు టీమ్‌లో తెలిసినవారుంటే అక్కడ పనేమిటో, ఖాళీ నిజంగా ఉందో లేదో టీ తాగుతూ కనుక్కోవడంలో తప్పు లేదు. కానీ ఆ టీమ్ మేనేజర్‌తో తేదీల దాకా మాట్లాడుకుని వస్తే మాత్రం ఇటు ఈయన ‘అన్నీ అయ్యాక నాకు చెప్తున్నారు’ అనుకుంటాడు. మేనేజర్లు ఇద్దరూ ఒకే డెలివరీ హెడ్ కింద ఉంటే మీరు చెప్పకముందే ఈయనకు తెలిసిపోతుంది కూడా.

మాట్లాడటానికి వారంలోనో నెలలోనో జరిగే వన్ ఆన్ వన్ మీటింగ్ సరైన చోటు. లిఫ్ట్ దగ్గర, క్యాంటీన్‌లో, ముందుగా మెయిల్‌లో వద్దు. పెద్ద రిలీజ్ వారంలోనూ, క్లయింట్ ఎస్కలేషన్ నడుస్తున్నప్పుడూ అడిగితే మామూలు మాట కూడా అలిగినట్టే వినిపిస్తుంది. ఆ అమ్మాయి ఇలా మొదలుపెట్టవచ్చు: “మూడేళ్లుగా ఈ బ్యాచ్ జాబ్స్ ఎందుకు ఫెయిలవుతాయో చూస్తున్నాను కదా, ఇకమీద వాటిని కట్టే వైపు పని చేయాలనుంది. డేటా ఇంజనీరింగ్ టీమ్‌లో ఐజేపీ పడింది. అప్లై చేసే ముందు మీతో మాట్లాడదామని వచ్చాను. సెలెక్ట్ అయితే నా పని ఎలా అప్పజెప్పాలో కూడా ఒకటి రాసుకొచ్చాను.”

మన మేనేజర్ల దగ్గర నుంచి వచ్చే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. “ఏంటమ్మా, ఇక్కడేమైనా ప్రాబ్లమా?” ఇక్కడే చాలామంది జారిపోతారు. ‘అబ్బే, ఏం లేదండీ’ అని కంగారుగా అంటే ఏదో ఉందని తేలిపోతుంది. ఆయన చనువుగా అడిగాడు కదా అని ఆన్‌కాల్ గురించో, పక్క సీటు వాడి గురించో చెప్పడం మొదలుపెడితే తర్వాతి అరగంట దాని మీదే నడుస్తుంది, రిలీజ్ సంగతి పక్కకు పోతుంది. “ఆన్‌కాల్ కష్టమే, అది అందరికీ ఉన్నదే. దానికోసమైతే షిఫ్ట్ మార్చమని అడిగేదాన్ని. నాకు కావాల్సింది ఆ పని” అంటే చాలు. చిన్న ఇబ్బందిని ఒప్పుకున్న మనిషి మాట నమ్మబుద్ధవుతుంది.

ఆ తర్వాత కాగితం తీయాలి. ఆయన అసలు భయానికి జవాబు అందులోనే ఉంది. ఆ అమ్మాయి కాగితంలో ఆరు వారాల లెక్క ఉంది. మొదటి రెండు వారాలు నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్, అంటే జాబ్స్ జాబితా, ఏది ఫెయిలైతే ఏం చేయాలో రాసిన రన్‌బుక్, క్లయింట్ వైపు ఎవరితో మాట్లాడాలో చెప్పడం. తర్వాతి రెండు వారాలు షాడో. ఈమె పని చేస్తుంటే కొత్త మనిషి పక్కన కూర్చుని చూస్తారు. చివరి రెండు వారాలు రివర్స్ షాడో. కొత్త మనిషి చేస్తుంటే ఈమె చూస్తుంది. ఈ ఆరు వారాల్లో ఒక నెలాఖరు తప్పకుండా పడేలా తేదీలు పెట్టుకుంది, ఎందుకంటే బ్యాంకు సపోర్ట్‌లో నెలాఖరు బ్యాచ్ చూడనివాళ్లు పని నేర్చుకున్నట్టు కాదు. టీమ్‌లోనే ఏడాదిగా పనిచేస్తున్న జూనియర్‌కు ఇందులో సగం వచ్చుననీ, అతన్ని ముందుకు తెచ్చి అతని స్థానంలోకి కొత్తవారిని తీసుకుంటే తేలికనీ రాసింది. ఎవరిని వేయాలన్నది మేనేజర్ నిర్ణయం కనుక దాన్ని సూచనగానే పెట్టింది. ఇలాంటి కాగితం తెచ్చిన మనిషిని చూసి ‘ఈమె పారిపోతోంది’ అని ఎవరూ అనుకోరు.

మీటింగ్ అయిన రోజే ఒక చిన్న మెయిల్ పెట్టాలి. నాలుగు వాక్యాలు చాలు: ఈ రోజు ఫలానా ఐజేపీ గురించి మాట్లాడుకున్నాం, సెలెక్ట్ అయితే ఆరు వారాల హ్యాండోవర్ అనుకున్నాం, ప్లాన్ జతచేశాను, తేదీల గురించి వచ్చే వన్ ఆన్ వన్‌లో మళ్లీ మాట్లాడదాం. కృతజ్ఞతలు, భావోద్వేగాలు వద్దు. ఈ మెయిల్‌ని రేపు హెచ్‌ఆర్ చదివినా, అటు మేనేజర్ చదివినా ఇబ్బంది ఉండకూడదు.

కాలం విషయంలో ఒక మెలిక ఉంది. ఏప్రిల్ నుంచి మార్చి దాకా అప్రైజల్ ఏడాది నడిచే కంపెనీలో జనవరి, ఫిబ్రవరిల్లో టీమ్ మారితే, మీ పది నెలల పని చూడని కొత్త మేనేజర్ రేటింగ్ మాట్లాడే పరిస్థితి రావచ్చు. అప్పుడు మారక తప్పకపోతే, వెళ్లే ముందే పాత మేనేజర్ చేత అప్రైజల్ సిస్టమ్‌లో ఫీడ్‌బ్యాక్ రాయించుకోవాలి. వెళ్లాక అడిగితే ఆయనకు తీరిక దొరకదు.

‘కాదు’ అనే మేనేజర్లు తక్కువ. ‘చూద్దాం’ అనేవాళ్లే ఎక్కువ. ఆ ‘చూద్దాం’ నిజమో కాదో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. బదులు మనిషి కోసం రిసోర్స్ మేనేజ్‌మెంట్ వాళ్లకు రిక్వెస్ట్ వెళ్లిందా, దానికి నంబరు ఉందా అని అడగండి. ఉంటే పని కదిలినట్టు. రెండు నెలలైనా రిక్వెస్ట్ పడలేదంటే, ‘ఈ రిలీజ్ అయ్యాక’ అన్న మాట రెండోసారి వినబడిందంటే, మీరు లేకుండా నడపడానికి ఆయన సిద్ధంగా లేడని అర్థం. అప్పుడు పాలసీలో ఎన్ని రోజుల్లో వదలాలని ఉందో చూసి, అదే మెయిల్ కింద, ముందు ఆయనకే చెప్పి, హెచ్‌ఆర్‌ని కలపాలి. ‘వదలకపోతే రాజీనామా ఇస్తా’ అనే మాట మాత్రం, నిజంగా ఇచ్చే ఉద్దేశం ఉన్నా, ఈ దశలో వద్దు. ఇన్నాళ్లు జాగ్రత్తగా చెప్పిన కారణమంతా దాంతో బెదిరింపుగా మారిపోతుంది.

ఇదంతా మామూలు పరిస్థితుల సంగతి. మేనేజరో, సహోద్యోగో వేధిస్తున్నందుకు టీమ్ మారాలనుకుంటే ఈ మర్యాదలేవీ అక్కర్లేదు. లైంగిక వేధింపులపై 2013 నాటి చట్టం ప్రకారం కంపెనీ అంతర్గత కమిటీకి లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. విచారణ నడుస్తుండగా తననో, ఫిర్యాదు ఎవరి మీదో వాళ్లనో వేరేచోటికి మార్చమని ఆమె రాసి ఇస్తే, కమిటీ యాజమాన్యానికి ఆ మేరకు సిఫారసు చేయవచ్చు. మూడు నెలల దాకా సెలవు ఇప్పించే వీలు కూడా ఆ చట్టంలో ఉంది. అలాంటి బాధను ‘కొత్త పని నేర్చుకోవాలనుంది’ అనే మాట వెనక దాచకండి.