ఐదు మాటల్లోనే ఇమడాలి

కేంబ్రిడ్జ్ వారి బీ2 ఫస్ట్ ఇంగ్లీషు పరీక్షలో అభ్యర్థులను బాగా తడబెట్టే ప్రశ్నలు రీడింగ్ అండ్ యూజ్ ఆఫ్ ఇంగ్లీష్ పేపర్‌లోని నాలుగో భాగంలో ఉంటాయి. మన పిల్లలు ఎక్కువగా రాసే ఐఈఎల్‌టీఎస్‌లో ఇలాంటివి రావు. ముందు ఒక వాక్యం ఇస్తారు. దాని కింద పెద్ద అక్షరాల్లో ఒక పదం, ఆ కింద ఖాళీతో మరో వాక్యం ఉంటాయి. రెండో వాక్యానికి మొదటి దాని అర్థమే వచ్చేలా ఖాళీ నింపాలి. ఇచ్చిన పదాన్ని ఏమాత్రం మార్చకుండా వాడాలి. దానితో కలిపి రెండు నుంచి ఐదు మాటలే రాయాలి. ఇలాంటివి 6 ప్రశ్నలు, ఒక్కోదానికి 2 మార్కులు.

ఒకటి చేసి చూద్దాం. మొదటి వాక్యం: ‘ఇట్స్ ఫైవ్ ఇయర్స్ సిన్స్ ఐ లాస్ట్ సా రవి’. ఇచ్చిన పదం ‘సీన్’. రెండో వాక్యం ‘ఐ’తో మొదలై, ఖాళీ తర్వాత ‘ఫైవ్ ఇయర్స్’తో ముగుస్తుంది.

‘సీన్’ ఒంటరిగా నిలవదు, ముందు ‘హ్యావ్’ కావాలి. చూడలేదు కాబట్టి ‘నాట్’ కూడా రావాలి. ఎవరిని? రవిని. ఇక ఐదేళ్లకు ముందు ఏం పెట్టాలన్న దగ్గరే మనవాళ్లకు చిక్కు. ‘ఐదేళ్ల నుంచి చూడలేదు’ అనే అలవాటు వల్ల చెయ్యి ‘సిన్స్’ వైపు పోతుంది. పై వాక్యంలో ఆ మాట కనబడుతూనే ఉంది కూడా! కానీ గడిచిన కాలం పొడవు చెప్పేటప్పుడు ‘ఫర్’ రావాలి. జవాబు: ‘హ్యావ్ నాట్ సీన్ రవి ఫర్’. సరిగ్గా ఐదు మాటలు. ‘హావెంట్’ అని కలిపి రాసినా రెండు మాటలుగానే లెక్కిస్తారు.

జవాబును రెండు ముక్కలుగా చూసి, ముక్కకో మార్కు వేస్తారు. ‘సిన్స్’ రాసినవారికి ‘హ్యావ్ నాట్ సీన్’ మార్కు దక్కుతుంది, రెండోది పోతుంది. అందుకే పూర్తిగా తెలియకపోయినా ఖాళీ వదలకూడదు. స్పెల్లింగ్ తప్పితే మాత్రం ఆ ముక్క మార్కు రాదు.

మాటల లెక్క సరిపోయినంత మాత్రాన జవాబు సరైనదని కాదు. ‘ది మేనేజర్ సెడ్ ఐ కుడ్ నాట్ లీవ్ అర్లీ’ అన్న వాక్యాన్ని ‘లెట్’తో మార్చమంటే, చాలామంది ‘డిడ్ నాట్ లెట్ మీ టు’ అని రాస్తారు. ఐదు మాటలే, కానీ తప్పు. ‘అలౌ’ తర్వాత వచ్చే ‘టు’ను అలవాటుగా ఇక్కడా తగిలించడమే కారణం. ‘డిడ్ నాట్ లెట్ మీ’ చాలు.

సాధన చేసేటప్పుడు ఇచ్చిన పదం చూడగానే దాని ముందు ఏం వస్తుంది, వెనక ఏం వస్తుంది అని అడగండి. నింపాక రెండు వాక్యాలనూ పక్కపక్కన చదివి, మొదటి దానిలోని సంగతి ఏదైనా జారిపోయిందేమో చూసుకోండి.