రెండోసారి బదులివ్వని యంత్రం

ఎవరైనా సెలవులో ఉన్నప్పుడు వాళ్ల మెయిల్ నుంచి దానంతటదే వచ్చే జవాబుకు నలభై ఏళ్ల చరిత్ర ఉంది. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో `sendmail` రాసిన ఎరిక్ ఆల్‌మన్, 1980లలో యూనిక్స్ కంప్యూటర్ల కోసం `vacation` అనే చిన్న ప్రోగ్రామ్ కూడా రాశారు. వచ్చిన ఉత్తరానికి ముందే రాసిపెట్టిన జవాబు పంపడమే దాని పని. వినడానికి తేలికే కానీ, ఇద్దరు మనుషులు ఒకేసారి సెలవు పెడితే చిక్కు మొదలవుతుంది. ఒకరి యంత్రం పంపిన జవాబుకు రెండోవారి యంత్రం జవాబిస్తుంది, దానికి మళ్లీ మొదటిది బదులిస్తుంది. ఆపే మనిషి ఇద్దరి దగ్గరా లేడు. అందుకే `vacation` ఎవరెవరికి జవాబు పంపిందో ఒక ఖాతాలో రాసుకుంటుంది. ఒకసారి జవాబు అందుకున్నవాళ్లు మళ్లీ రాసినా, మామూలుగా వారం గడిచేదాకా మౌనంగానే ఉంటుంది. టోకుగా పంపిన ఉత్తరాలకూ, చిరునామాల వరుసలో యజమాని పేరు కనిపించని ఉత్తరాలకూ అసలు బదులివ్వదు. 2004లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 3834 అనే ఇంటర్నెట్ పత్రం ఇలాంటి మర్యాదలనే అందరికీ సిఫార్సు చేసింది. ఇది మనిషి రాసింది కాదని తక్కిన యంత్రాలు గుర్తుపట్టేలా జవాబు తలకట్టులో ఈ వరుస ఉండాలంది:

```
Auto-Submitted: auto-replied
```

జవాబులో ఏం రాయాలనేది ఈ మౌనం నుంచే తేలుతుందని నా వాదన. సోమవారం మెయిల్ పంపి మన జవాబు అందుకున్న మనిషి, అందులో ఒక ముక్క అర్థం కాక బుధవారం మళ్లీ అడిగితే యంత్రం పలకదు. జీమెయిల్‌లో ఈ వ్యవధి నాలుగు రోజులు. అంటే ఆ మనిషికి మనం చెప్పగలిగేది ఒక్కసారే. రెండో ప్రశ్న మిగలకుండా చెప్పడమే ఇక్కడ మర్యాద. ‘ప్రస్తుతం అందుబాటులో లేను, త్వరలో స్పందిస్తాను, అసౌకర్యానికి చింతిస్తున్నాను’ అన్న జవాబులో వినయం ఉంది, కబురు లేదు. త్వరలో అంటే రేపా, నెలాఖరా? ఈలోగా పని ఆగితే ఎవరిని అడగాలి? సంక్రాంతికి ఊరెళ్తున్న ఒక హైదరాబాద్ ఆఫీసు బిల్లుల ఉద్యోగి ఇలా రాయవచ్చు: ‘నమస్కారం. జనవరి 12 సోమవారం నుంచి 16 శుక్రవారం వరకు సెలవులో ఉంటాను. ఈ రోజుల్లో మెయిల్ చూడను. 19 సోమవారం తిరిగి వచ్చాక మీ మెయిల్‌కు జవాబిస్తాను. ఈలోగా చెల్లింపు గడువు ఉన్న బిల్లులను మా విభాగం ఉమ్మడి మెయిల్‌కు పంపండి, అక్కడ సహోద్యోగులు చూస్తారు.’ దాని కింద ఆ ఉమ్మడి చిరునామా ఉంటే చాలు. 16వ తేదీ దాకా అని ఆపేస్తే, శనివారం చూస్తారా సోమవారమా అన్న సందేహం మిగిలేది. తిరిగి వచ్చే రోజు రాయడంతో అది తీరింది. సహోద్యోగి పేరు కాకుండా ఉమ్మడి చిరునామా ఇవ్వడానికీ కారణముంది: పండగకు ఆ సహోద్యోగీ ఊరెళ్లి ఉండొచ్చు.

ఇన్ని వివరాలు ముక్కూమొహం తెలియనివాళ్లకు చెప్పడం ప్రమాదం కదా అనే అభ్యంతరం సరైనదే. ఫలానా తేదీల్లో ఈ మనిషి సీట్లో ఉండడని తెలిస్తే, అతని పేరుతో డబ్బు అడిగే మోసగాళ్లకు అది అవకాశం. కానీ దానికి మందు అస్పష్టత కాదు. అవుట్‌లుక్‌లో సంస్థ లోపలివాళ్లకు ఒకటి, బయటివాళ్లకు ఒకటి వేర్వేరుగా రాసే వీలుంది. బయటివాళ్లకు తిరిగి వచ్చే తేదీ, ఉమ్మడి చిరునామా చాలు. ఎక్కడికి వెళ్తున్నారో, ఎందుకు వెళ్తున్నారో, పైఅధికారి సొంత నంబరేమిటో వాళ్లకు అక్కర్లేదు. ఇంత పొడిగా రాస్తే కటువుగా ఉండదా అని మరో సందేహం. ‘నమస్కారం’, ‘పంపండి’ అన్న మాటల్లోనే గౌరవం ఉంది. మూడుసార్లు క్షమాపణ చెప్పి తేదీని నాలుగో వాక్యంలో దాచడం చదివేవాళ్లకే కష్టం.

సెలవు పొడిగిస్తే మాత్రం జాగ్రత్త పడాలి. `vacation`లో జవాబు మార్చినంత మాత్రాన పాత ఖాతా చెరిగిపోదు. సోమవారం పాత తేదీ అందుకున్నవాళ్లకు కొత్తది వెంటనే అందాలంటే `vacation -i` అని కొట్టి ఖాతాను మళ్లీ మొదలుపెట్టాలి. జీమెయిల్‌లో జవాబు మార్చితే లెక్క దానంతటదే మొదటికి వస్తుంది. అవుట్‌లుక్‌లో ఒకసారి ఆపి మళ్లీ పెట్టాలి.

వాయిస్‌మెయిల్ పలకరింపు సంగతి వేరు. మన దగ్గర మిస్డ్ కాల్‌తో సరిపెట్టుకోవడమే ఎక్కువ గానీ, అమెరికాలో పనిచేసే తెలుగువాళ్లకు ఇది ఆఫీసులో మామూలే. మెయిల్‌ను కళ్లు వెనక్కి వెళ్లి చదువుతాయి, చెవులకు ఆ వీలు లేదు. కాబట్టి ముందు పేరు, విభాగం చెప్పాలి. సరైన చోటికే ఫోన్ చేశామో లేదో ఫోన్ చేసినవాళ్లకు మొదటి మూడు సెకన్లలో తెలియాలి. తర్వాత తిరిగి వచ్చే తేదీ, ఆ తర్వాత ఏం చెప్పి పెట్టాలో: ‘మీ పేరు, నంబరు, బిల్లు నంబరు చెప్పండి.’ వేరే నంబరు ఇవ్వాల్సివస్తే చివర్లో, నెమ్మదిగా, రెండుసార్లు చెప్పాలి, ఎందుకంటే అవతలివాళ్లు అప్పుడే కలం వెతుక్కుంటూ ఉంటారు. మెయిల్ జవాబుకు ముగింపు తేదీ పెడితే ఆ రోజుకు అదే ఆగిపోతుంది. వాయిస్‌మెయిల్‌లో గడువు పెట్టే సదుపాయం లేకపోతే మనం చెరిపేదాకా అదే వినిపిస్తుంది. ఫిబ్రవరిలో ఫోన్ చేసినవాళ్లకు ‘జనవరి 19న వస్తాను’ అని వినిపిస్తే, ఈ పెట్టెను ఎవరూ వినడం లేదనుకుని ఏమీ చెప్పకుండానే ఫోన్ పెట్టేస్తారు. అలాంటి చోట తేదీతో చెప్పిన పలకరింపును తిరిగి వచ్చిన రోజు పొద్దున్నే మార్చాలి. అది కుదరదనుకుంటే తేదీ లేకుండా, అత్యవసరమైతే చేయాల్సిన నంబరుతోనే రికార్డు చేయడం మేలు.