ఒకసారి చెబితే చాలు

కస్టమర్ కేర్‌కు వచ్చిన కాల్‌ను మరో విభాగానికి పంపే పద్ధతులు రెండు. బటన్ నొక్కి అవతలి క్యూలోకి పంపేసి తప్పుకుంటే అది కోల్డ్ ట్రాన్స్‌ఫర్. కాల్ అందుకోబోయే ఉద్యోగితో ముందు తాను మాట్లాడి, విషయమంతా చెప్పి, ఆ తర్వాతే కస్టమర్‌ను అప్పగిస్తే వార్మ్ ట్రాన్స్‌ఫర్.

ఒక బ్యాంకు ఖాతాదారు సంగతే తీసుకుందాం. 3వ తేదీన వేరే బ్యాంకు ఏటీఎంలో పదివేలు తీయబోతే నోట్లు రాలేదు, ఖాతాలో మాత్రం డబ్బు తగ్గింది. 4న ఫిర్యాదు చేశారు. 10న మళ్లీ ఫోన్ చేశారు. రిజర్వ్ బ్యాంక్ 2019లో పెట్టిన నిబంధన ప్రకారం, ఇలాంటి సొమ్మును లావాదేవీ జరిగిన రోజు తర్వాత 5 రోజుల్లో బ్యాంకే తిరిగి జమ చేయాలి. దాటితే రోజుకు రూ.100 పరిహారం ఇవ్వాలి. అంటే ఈ ఫిర్యాదులో తేదీయే కీలకం.

ఫోన్ ఎత్తిన ఉద్యోగి కస్టమర్ వివరాలు సరిచూసుకుని, కాల్‌ను ఎవరికి, ఎందుకు కలుపుతున్నదీ చెప్పి, హోల్డ్‌లో ఉంచుతారు. ఏటీఎం ఫిర్యాదుల విభాగానికి ఇలా చెబుతారు: "3న వేరే బ్యాంకు ఏటీఎంలో పదివేలు రాలేదండీ. 4న ఇచ్చిన ఫిర్యాదు నంబర్ నోట్‌లో పెట్టాను. గడువు 8తో అయిపోయింది. రెండు రోజుల్లో పడుతుందని అప్పుడు మనవాళ్లు చెప్పారట. డబ్బుతోపాటు పరిహారం కూడా అడుగుతున్నారు. వెరిఫికేషన్ అయింది." తర్వాత ముగ్గురినీ ఒకే లైన్‌లో కలిపి, కస్టమర్ వినేలా ఒక్క వాక్యంలో విషయం చెప్పి, "సరిగ్గానే చెప్పానా అండీ?" అని అడిగి తప్పుకుంటారు. పొరపాటు ఏదైనా ఉంటే అక్కడే బయటపడుతుంది.

చాలాచోట్ల జారిపోయేది ఖాతా నంబరో, మొత్తమో కాదు. అవి స్క్రీన్ మీద కనిపిస్తూనే ఉంటాయి. అంతకుముందు ఇచ్చిన మాట, ఇప్పుడు కస్టమర్ కోరుతున్నది, ఈ రెండూ ఎక్కడా నమోదు కావు. "కస్టమర్ కోపంగా ఉన్నారు, చూడగలరు" అని రాసిన నోట్ ఎవరికీ పనికిరాదు. వెరిఫికేషన్ పూర్తయినట్టు సిస్టమ్‌లో గుర్తు పెట్టకపోతే పుట్టిన తేదీ దగ్గర్నుంచి మళ్లీ అడుగుతారు.

ఈ పద్ధతికి ఖర్చుంది. కాసేపు ఇద్దరు ఉద్యోగులు ఒకే కాల్‌పై ఉండాలి. కాల్‌ను ఎంత త్వరగా ముగించారన్నదే కొలమానంగా పెట్టుకున్న సంస్థలో ఎవరూ ఆ సమయం వెచ్చించరు. తప్పు ఉద్యోగిది కాదు, ఆ కొలమానానిది. అవతలి క్యూ మరీ పొడవుగా ఉంటే కస్టమర్‌ను హోల్డ్‌లో నిలబెట్టడం కన్నా, పూర్తి నోట్ రాసి ఫలానా సమయానికి ఆ విభాగమే ఫోన్ చేసేలా చూడటం మేలు.

అప్పగింత సరిగ్గా జరిగిందో లేదో రెండో ఉద్యోగి మొదటి మాటే చెబుతుంది. "మీ సమస్య ఏమిటండీ?" అని అడిగారంటే జరగనట్టే. ఏ విభాగానికి మార్చినా ఓటీపీ, పిన్ మాత్రం ఎవరికీ చెప్పకండి. అప్పగించే వివరాల్లో వాటికి చోటు లేదు.