ఓట్స్‌కి ఎసరెంత? గింజ కోతను బట్టి!

ఓట్స్ ఉప్మా ముద్దగా తయారైతే చాలాసార్లు లోపం ఎంచుకున్న ప్యాకెట్టులో ఉంటుంది. ముందువైపు పెద్ద అక్షరాల్లో ఓట్స్ అనే ఉంటుంది. అది రోల్డా, స్టీల్ కట్టా, ఇన్‌స్టంటా అన్నది చిన్న అక్షరాల్లో వెతుక్కోవాలి. మూడూ ఒకే గింజ. మిల్లులో దాన్ని ఎలా కోశారు, ఎంత నొక్కారు అన్నదాన్ని బట్టి ఎసరూ మారుతుంది, ఉడికే సమయమూ మారుతుంది.

పొట్టు తీసిన ఓట్స్ గింజను రెండు మూడు ముక్కలుగా కోస్తే అది స్టీల్ కట్. దీన్ని పలచగా నొక్కరు కాబట్టి నీరు ముక్క నడిమి దాకా చేరడానికి సమయం పడుతుంది. కప్పుకి మూడు కప్పుల నీళ్లు మరగబెట్టి, సన్నటి సెగ మీద ఇరవై నుంచి ముప్ఫై నిమిషాలు ఉడికించాలి. జావలా కావాలంటే నాలుగు కప్పులు. ఒక పలుకును వేళ్ల మధ్య నొక్కినప్పుడు లోపల తెల్లటి చుక్క కనిపిస్తే ఇంకా ఉడకలేదన్నమాట. బాగా ఉడికినా పలుకు విడిగానే ఉండి పంటికి తగులుతుంది. రాత్రి నానబెడితే పొద్దున సగం సమయం చాలు. కుక్కర్లో నేరుగా పోసి వండకండి. ఓట్స్ నురగ పొంగి ఆవిరి దారికి అడ్డం పడవచ్చు. అడుగున నీళ్లు పోసి, లోపల గిన్నెలో సగానికి మించకుండా పెడితే పొంగడానికి చోటుంటుంది.

అదే గింజను ఆవిరి పట్టి రోలర్ల మధ్య నొక్కితే రోల్డ్ ఓట్స్. మన అటుకుల్లాగే ఇదీ ముందే కొంత ఉడికిన గింజ. పలచబడటంతో నీరు త్వరగా పీలుస్తుంది. జావకు కప్పుకి రెండు కప్పుల నీళ్లు, ఐదు నుంచి పది నిమిషాలు చాలు. రేకు మెత్తబడినా ఆకారం కొంత నిలుస్తుంది. ఇన్‌స్టంట్ రకాన్ని ఇంకా ఎక్కువ ఉడికించి, ఇంకా పలచగా నొక్కి, చిన్న ముక్కలు చేస్తారు. వేడినీళ్లు పోసి ఒకటి రెండు నిమిషాలు ఆగితే అయిపోతుంది, కానీ నమలడానికి ఏమీ మిగలదు. ఓట్స్‌లోని పిండిపదార్థం, బీటా గ్లూకాన్ అనే కరిగే పీచు నీటిలోకి దిగి చిక్కబడతాయి. గింజ ఎంత చితికితే ఈ జిగురు అంత త్వరగా బయటికి వస్తుంది. గరిటెతో ఎక్కువగా తిప్పినా ఇదే జరుగుతుంది.

అందుకే ఉప్మాకి నేను రోల్డ్ ఓట్సే వాడతాను. కప్పు ఓట్స్‌ను నూనె లేకుండా బాణలిలో సన్నటి సెగ మీద నాలుగైదు నిమిషాలు కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి పక్కన పెట్టాలి. అదే బాణలిలో ఆవాలు, మినప్పప్పు, శనగపప్పు, పచ్చిమిర్చి, కరివేపాకు, ఉల్లిపాయలతో పోపు పెట్టి ముప్పావు కప్పు నీళ్లే పోయాలి. రవ్వ ఉప్మా అలవాటు కొద్దీ రెండు కప్పులు పోస్తే అది జావే అవుతుంది. ఉప్పు వేసి నీళ్లు తెర్లాక ఓట్స్ వేసి, ఒక్కసారి కలిపి మూతపెట్టి రెండు మూడు నిమిషాలు ఉంచాలి. పొయ్యి కట్టేసి ఇంకో ఐదు నిమిషాలు మూత తీయకపోతే మిగిలిన తడి రేకుల్లోకి ఇంకి పొడిపొడిగా వస్తుంది. పిల్లలకూ పెద్దవాళ్లకూ మెత్తటి జావ కావాలంటే ఇన్‌స్టంట్ మంచిదే. మసాలా కలిపిన ప్యాకెట్లలో మాత్రం ఉప్పు ఎంతుందో చూసి కొనండి.

కినోవాలో చిక్కు వేరు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల పంట ఇది, తోటకూర కుటుంబానికి చెందినది. గింజ మీద సాపోనిన్లనే చేదు పూత ఉంటుంది. నీళ్లలో వేసి రుద్దితే సబ్బులా నురగ వస్తుంది. సన్నటి జల్లెడలో వేసి నురగ ఆగేదాకా కడగాలి. కొన్ని ప్యాకెట్లలో ముందే కడిగినది వస్తుంది, అయినా ఒకసారి కడగడమే మేలు. కప్పుకి రెండు కప్పుల నీళ్లు, మూతపెట్టి సన్నటి సెగ మీద పదిహేను నిమిషాలు, దించాక ఐదు నిమిషాలు. గింజ కాస్త పారదర్శకంగా మారి, చుట్టూ ఉన్న మొలక తెల్లటి తోకలా విడివడితే ఉడికినట్టే. పులిహోరకు ఇది చక్కగా కుదురుతుంది. ఆరబెట్టాకే పులుసు కలపాలి.

బక్‌వీట్‌ను ఉత్తరాదిన కుట్టూ అంటారు. నవరాత్రి ఉపవాసాల్లో దాని పిండితో పూరీలు చేసుకుంటారు. గోధుమ కుటుంబానికి చెందదు, గ్లూటెన్ ఉండదు. గింజను పచ్చిగా ఉడికిస్తే జిగురు వచ్చి అంటుకుపోతుంది. రష్యాలో దీన్ని వేయించి గోధుమరంగు వచ్చాకే వండుతారు. మనమూ నాలుగైదు నిమిషాలు వేయించి, కప్పుకి రెండు కప్పుల మరిగే నీళ్లు పోసి, పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు మూత తీయకుండా, గరిటె పెట్టకుండా ఉంచితే గింజకు గింజ విడిగా వస్తుంది. పిండి కొంటే మాత్రం కొద్దిగానే కొనాలి. అందులోని నూనె వల్ల నిల్వ ఉంటే ముక్కవాసన వస్తుంది. ఆ వాసన తగిలిన పిండిని వాడకండి.