‘అనుకుంటా’ని మాత్రం తీసేయకండి

గంట ఇంటర్వ్యూని ప్రశ్న-జవాబుగా రాసేటప్పుడు ముందు ‘అంటే’, ‘అదే’ లాంటి ఊతపదాలు తీసేస్తాం కదా. అర్థం మారిపోయేది సరిగ్గా అక్కడే.

ఒక రైతు ఇలా అన్నారనుకోండి: “అంటే... ఆ ఏడాది ముప్పై, కాదు కాదు, నలభై బస్తాలు వచ్చాయనుకుంటా.”

ఇందులో ‘అంటే’ తీసేయొచ్చు. ‘ముప్పై’ కూడా తీసేయొచ్చు, ఎందుకంటే ఆయనే దిద్దుకున్నారు. కానీ “నలభై బస్తాలు వచ్చాయి” అని రాస్తే తప్పు. ఆయన అనుమానంగా చెప్పింది మన రాతలో ఖాయమైపోయింది. “ఆ ఏడాది నలభై బస్తాలు వచ్చాయనుకుంటా” అని రాయాలి.

ప్రశ్న విషయంలోనూ అంతే. “నష్టమొచ్చిందా?” అని అడిగితే ఆయన “ఆఁ, కొంచెం” అన్నారు. ప్రశ్నని “దిగుబడి ఎలా ఉంది?” అని మార్చి, “నష్టమొచ్చింది” అని జవాబు రాస్తే, ఆ మాట ఆయనే ఎత్తినట్టు అవుతుంది.

చివర్లో రాసింది చూస్తూ ఆడియో ఒకసారి వినండి. “బాగానే ఉందిలే” అన్నది వెటకారమో కాదో గొంతులోనే తెలుస్తుంది.