‘కబురు చేస్తాం’ అంటే కాదన్నట్టేనా?
లేదనకుండా లేదని చెప్పడం అందరికీ తెలిసిన విద్యే. దాన్ని సిద్ధాంతంలో ఇమడ్చడమే భాషా తాత్వికులకు చిక్కుగా మారింది

పెళ్లిచూపులు ముగిశాక అబ్బాయి తండ్రి లేచి, ‘‘మంచిదండీ, ఇంటికెళ్లి కబురు చేస్తాం’’ అంటాడు. వారం గడుస్తుంది. కబురు రాదు. అమ్మాయి తరఫువాళ్లు ఫోన్ చేసి నిలదీయరు. మరో సంబంధం చూడమని పెళ్లిళ్ల పేరయ్యకు చెబుతారు. సంబంధం వద్దన్న సంగతి రెండు ఇళ్లకూ తెలుసు. కానీ వద్దనే మాట ఎవరి నోటా రాలేదు. వచ్చిన మాటల్లా ఒక వాగ్దానం. మరి నిరాకరణ జరిగిందెక్కడ?

మాటలతో పనులు ఎలా జరుగుతాయన్న ప్రశ్నను గట్టిగా పట్టుకున్నది ఆక్స్‌ఫర్డ్ తాత్వికుడు జె.ఎల్. ఆస్టిన్. 1955లో హార్వర్డ్‌లో ఆయన చేసిన ప్రసంగాలు, ఆయన మరణించిన రెండేళ్లకు, 1962లో పుస్తకంగా వచ్చాయి. ‘మాటిస్తున్నాను’ అనడం ఏదో ఒక విషయాన్ని వర్ణించడం కాదు, మాట ఇవ్వడమే. ఇలాంటి మాటలను నిజమా అబద్ధమా అని తూచలేం. చెల్లిందా లేదా అనే చూడాలి. అందుకు కావలసినవే చెల్లుబాటు షరతులు. అధికారం లేనివాడు సభను వాయిదా వేస్తున్నానంటే ఆ పని అసలు జరగనే జరగదు. నిలబెట్టుకునే ఉద్దేశం లేకుండా మాట ఇస్తే మాత్రం పని జరుగుతుంది, కాకపోతే అది బోలు మాట. ఈ రెంటికీ తేడా ఉందని ఆస్టిన్ స్పష్టంగా చెప్పాడు.

అమెరికా తాత్వికుడు జాన్ సెర్ల్ 1969లో ఆ షరతులను నాలుగు రకాలుగా సర్దాడు. మాటలోని విషయం ఏమై ఉండాలి? ముందుగా ఏ పరిస్థితి ఉండాలి? మాట్లాడే వ్యక్తి మనసులో ఏముండాలి? చివరికి ఆ మాట ఏ పని కింద లెక్కకు రావాలి? ఈ నమూనాలో నిరాకరణను కూడా పెట్టవచ్చు. ముందు ఒక ప్రతిపాదన ఉండాలి, అవునో కాదో చెప్పే వీలుండాలి, మనసులో అయిష్టం ఉండాలి, అన్న మాట ‘ఒప్పుకోవడం లేదు’ అన్నట్టుగా చెల్లాలి.

పరోక్షంగా అన్న మాటల మీద సెర్ల్ 1975లో రాసిన వ్యాసం ఇక్కడే కీలకం. ‘‘ఆ ఉప్పు కాస్త ఇటు అందించగలరా?’’ అని అడిగితే ఎవరూ ‘‘అందించగలను’’ అని ఊరుకోరు. కోరికకు ఉండాల్సిన షరతుల్లో ఒకటి, ఎదుటివాడికి ఆ పని చేయగల శక్తి. దాన్ని గురించి అడిగితే కోరినట్టే. ఈ వివరణ చక్కగా కుదిరింది.

తర్వాత సెర్ల్ నిరాకరణను కూడా తీసుకున్నాడు. సినిమాకు వెళదామని ఒక విద్యార్థి అంటే, పరీక్షకు చదవాలని మరొకరు బదులిస్తారు. ఈ బదులును వినేవారు రానన్నట్టుగా ఎలా అర్థం చేసుకుంటారో ఆయన పది మెట్లలో వివరించాడు. చదువుకు సమయం పడుతుంది, సినిమాకూ పడుతుంది, రెండూ ఒకే సాయంత్రం కుదరవు. ఒప్పుకోవడానికి కావలసిన ముందస్తు షరతు ఇక్కడ లేదు. కాబట్టి బహుశా ఇది నిరాకరణే. ఆ ‘బహుశా’ సెర్ల్ ఒప్పుకున్నదే. ‘‘చదవాలి, అయినా పోదాం పద’’ అని మాట పొడిగించే వీలు చివరిదాకా ఉంటుంది.

ఇప్పుడు పెళ్లిచూపుల మాటకు ఇదే కొలబద్ద పెడితే మొదటి చిక్కు బయటపడుతుంది. పరీక్ష ఉందన్న మాట ఒప్పుకోలుకు అడ్డుపడే ఒక షరతును చూపించింది. ‘కబురు చేస్తాం’ దేనికీ అడ్డుపడదు. అది వాగ్దానం షరతులన్నిటినీ పైకి తీరుస్తుంది. లోపించినది చిత్తశుద్ధి ఒక్కటే, అదీ పైకి కనిపించదు. అంటే ఆస్టిన్ లెక్కలో అది బోలు వాగ్దానం. కానీ అదే మాట నిరాకరణగా పూర్తిగా చెల్లింది. ఒక పనిగా లోపం ఉండటమే మరో పనిగా దాని బలమైంది. షరతుల జాబితా ఈ మలుపును చెప్పలేదు.

రెండో చిక్కు ఇంకా లోతైనది. మాట్లాడేవారు తమ ఉద్దేశం ఎదుటివారు గుర్తించాలని కోరుకుంటారన్నది సెర్ల్ సిద్ధాంతానికి పునాది. మర్యాదగా కాదనేవారు రెండూ కోరుకుంటారు. సంగతి తెలియాలి, కానీ అన్నట్టు ఉండకూడదు. ‘‘మేమెప్పుడు వద్దన్నాం?’’ అనే దారి తెరిచి ఉండాలి. పెనెలొపి బ్రౌన్, స్టీఫెన్ లెవిన్సన్ మర్యాద మీద చేసిన ప్రసిద్ధ అధ్యయనం ఈ తరహా మాటలకు ప్రత్యేకంగా చోటిచ్చింది. వాళ్ల ఆధారాల్లో తమిళం కూడా ఒకటి. ఎదుటివారి పరువు, తమ పరువు రెండూ దక్కించుకోవడానికే మనుషులు ఇలా డొంకతిరుగుడుగా మాట్లాడతారని వాళ్ల వాదన.

మరి వినేవారికి ఎలా తెలుస్తోంది? నిజమైన సంభాషణలను రికార్డు చేసి పరిశీలించినవారి సమాధానం, ఒక్క వాక్యాన్ని కాదు, వరసను చూడమని. ఒప్పుకోలు ఆలస్యం కాకుండా, సూటిగా వస్తుంది. నిరాకరణకు ముందు చిన్న విరామం, ‘అంటే...’ అనే నసుగుడు, ఓ పొగడ్త, తర్వాత కారణం వస్తాయి. సంబంధం నచ్చినవారు కట్నకానుకల మాటో, ముహూర్తం మాటో ఎత్తుతారు. ఎత్తకపోవడమే సూచన. అనుమానం తీరాలంటే పేరయ్యలు చేసే పని ఒకటుంది. ‘‘ఎప్పుడు రమ్మంటారు?’’ అని తేదీ అడగడం. తేదీ వస్తే అది వాగ్దానం. మళ్లీ ‘చూద్దాం లెండి’ వస్తే నిరాకరణ. కాకపోతే ఇది ఆచారాన్ని బట్టి పోయే ఊహ. నిజంగానే ఇంట్లో పెద్దవాళ్లను అడగాల్సిన కుటుంబం కూడా సరిగ్గా ఇదే మాట అంటుంది.

ఈ చర్చ పెళ్లిచూపులతో ఆగదు. 1999లో సీలియా కిట్జింగర్, హన్నా ఫ్రిత్ అనే పరిశోధకులు ఒక ప్రశ్న లేవనెత్తారు. లైంగిక దాడులను అడ్డుకోవడానికి గట్టిగా ‘నో’ చెప్పమని అమ్మాయిలకు నేర్పుతున్నారు. కానీ టీ వద్దనడానికి కూడా ఎవరూ ఉత్త ‘నో’ అనరు. నసుగుడును, సాకును నిరాకరణగా అందరూ రోజూ అర్థం చేసుకుంటున్నప్పుడు, ఆ ఒక్క సందర్భంలో అర్థం కాలేదనడం నమ్మదగ్గది కాదని వారు వాదించారు.

భారత న్యాయస్థానాల్లోనూ ఈ ప్రశ్న వచ్చింది. 2017లో ఢిల్లీ హైకోర్టు ఓ అత్యాచారం కేసులో నిందితుడిని నిర్దోషిగా విడుదల చేస్తూ, బలహీనంగా పలికిన ‘నో’ ఒక్కోసారి ఒప్పుకోలు కావచ్చన్న వ్యాఖ్య చేసింది. మరుసటి ఏడాది ఆ విడుదలలో జోక్యానికి సుప్రీంకోర్టు నిరాకరించింది. వ్యాఖ్య మీద విమర్శలు మాత్రం ఆగలేదు.

చట్టం ఎంచుకున్న దారి వేరు. 2013 సవరణ సమ్మతిని నిస్సందేహమైన, స్వచ్ఛందమైన అంగీకారంగా నిర్వచించింది. అది మాటతో కావచ్చు, సైగతో కావచ్చు. శారీరకంగా ప్రతిఘటించనంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదని కూడా చెప్పింది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఆ నిర్వచనం ఉంది. కాదన్నట్టు ఎప్పుడు చెల్లుతుందో షరతులు రాయడం ఎంత కష్టమో తాత్వికులు చూపించారు. చట్టం ఆ జాబితా జోలికి పోకుండా, అవునన్నారా లేదా అని మాత్రమే అడుగుతోంది.