వార్తల్లో పదం: డూప్లికేట్ పుల్ రిక్వెస్ట్

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో ఒకే బగ్‌కు ఇద్దరు విడివిడిగా కోడ్ సరిచేసి పంపితే అవి డూప్లికేట్ పుల్ రిక్వెస్టులు. గిట్‌హబ్‌లో ఇద్దరూ `Fixes #412` అని రాస్తే ఆ ఇష్యూ పేజీలోనే రెండూ కనిపిస్తాయి. నంబరు రాయకపోతేనే చిక్కు. మారిన ఫైళ్లు, ఫంక్షన్లు పోల్చి చూడాల్సిందే.

ముందొచ్చిందే ఉంచాలని ఏమీ లేదు. ఖాళీ ఫైలు తెరిస్తే ప్రోగ్రాం ఆగిపోతోందనుకుందాం. ఒకతను ఎర్రర్ బయటపడకుండా మింగేశాడు, అంతే. మరొకామె ఫైలు చదివే చోటే సరిచేసి, టెస్టు కూడా జతచేసింది. ఆ టెస్టును అతని బ్రాంచిపై నడిపితే తేలిపోతుంది: ప్రోగ్రాం ఆగదు గానీ, ఖాళీ జాబితా రావాల్సిన చోట ఏమీ రాదు. కాబట్టి ఆమెదే ఉంచాలి. అతనిది మూసేటప్పుడు కారణం, ఆమెదాని లింకు రాయాలి. అతని కోడ్‌లో కొంత వాడుకుంటే కమిట్‌లో `Co-authored-by:` పక్కన అతని పేరు, ఈమెయిల్ చేర్చాలి.